ముందు కుటుంబం, తర్వాతే పర్యాయపదం

ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లాలనుకునే మన పిల్లలు జీఆర్ఈ అనగానే మొదట వెతికేది పదాల జాబితాని. సీనియర్ల దగ్గర్నుంచి చేతులు మారుతూ వచ్చే ఆ జాబితా 'ఎ'తో మొదలై 'జెడ్'తో ముగుస్తుంది. ఒక్కో పదం పక్కన ఒక్కో అర్థం ఉంటుంది. ఒకప్పటి పరీక్షకు ఈ బట్టీ కొంతవరకు పనికొచ్చింది. 2011 ఆగస్టుకు ముందు జీఆర్ఈలో ఒక పదం ఇచ్చి దానికి వ్యతిరేకపదం గుర్తించమనే ప్రశ్నలు ఉండేవి. అర్థం నోటికొస్తే చాలు, మార్కు పడేది. ఆ నెలలో పరీక్ష స్వరూపం మారి అవి పోయాయి. బట్టీ మాత్రం పోలేదు.

ఇప్పటి పరీక్షలో పదసంపదను నేరుగా తూచేది 'సెంటెన్స్ ఈక్వివలెన్స్' అనే ప్రశ్న. ఒక వాక్యం, అందులో ఒక ఖాళీ, కింద ఆరు పదాలు. వాటిలో రెండింటిని ఎంచుకోవాలి. ఏది పెట్టినా వాక్యం అర్థం ఒకేలా రావాలి. రెండూ సరైతేనే మార్కు, ఒకటి సరై ఒకటి తప్పితే సున్నా. ఒక ఉదాహరణ చూద్దాం. పరీక్షలో వాక్యం ఇంగ్లీషులోనే ఉంటుంది, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. 'తన పరిశోధన గురించి గంటలకొద్దీ మాట్లాడే ఆ శాస్త్రవేత్త, సొంత జీవితం గురించి అడిగితే మాత్రం ఖాళీ అయిపోయేవారు.' కింద ఇచ్చిన పదాలు రెటిసెంట్, లొక్వేషస్, ఇరిటబుల్, గార్డెడ్, గ్యారలస్, ఎలొక్వెంట్.

లొక్వేషస్, గ్యారలస్ రెండూ ఎక్కువగా మాట్లాడేవారికి వాడే మాటలే. పర్యాయపదాల జంట కనబడగానే గీత పెట్టేసేవాళ్ల కోసం వేసిన ఎర అది. వాక్యంలోని 'మాత్రం' అర్థాన్ని వెనక్కి తిప్పుతోంది కాబట్టి ఆ జంట పనికిరాదు. ఇరిటబుల్, అంటే చిరాకుపడే మనిషి, ఖాళీలో ఒంటరిగా బాగానే కూర్చుంటుంది. కానీ దానికి జోడీ లేదు. మిగిలినవి రెటిసెంట్, గార్డెడ్. మనసులో మాట బయటపెట్టని తీరు ఒకటి, జాగ్రత్తపడి ఆచితూచి మాట్లాడే తీరు ఒకటి. నిఘంటువులో ఇవి అచ్చమైన పర్యాయపదాలు కావు. కానీ ఈ వాక్యంలో రెండూ ఒకే పని చేస్తాయి.

కాబట్టి నేర్చుకోవాల్సింది అర్థాన్ని మాత్రమే కాదు, పదానికీ పదానికీ మధ్య ఎంత దగ్గర, ఎంత దూరం అన్నది కూడా. అది తెలిసిన కోచింగ్ వాళ్లు, యాప్‌ల వాళ్లు పదాలను గుంపులుగా ఇస్తున్నారు. 'ఎక్కువ మాట్లాడటం' అని శీర్షిక పెట్టి కింద ఎనిమిది పదాలు, 'తక్కువ మాట్లాడటం' అని మరో ఎనిమిది. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది. నా అభ్యంతరం ఇక్కడే. ఆ గుంపు మొత్తాన్ని ఒకే రోజున, కొత్తగా, కార్డుల మీదికి ఎక్కించకూడదు.

దీనికి ఆధారం ఉంది. 1993లో థామస్ టింకమ్ అనే పరిశోధకుడు కొత్త పదాలను రెండు రకాలుగా నేర్పించి చూశారు. అర్థంలో దగ్గరి చుట్టాలైన పదాలను కలిపి ఇచ్చినప్పుడు, ఒకదానితో ఒకటి సంబంధం లేని పదాలను ఇచ్చినప్పటి కంటే నేర్చుకోవడానికి ఎక్కువ ప్రయత్నాలు పట్టాయి. 1997లో రాబ్ వారింగ్ జపాన్ విద్యార్థులతో అదే ప్రయోగం చేస్తే ఫలితం అలాగే వచ్చింది. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. పదం రూపం ఇంకా మనసులో కుదురుకోలేదు, అర్థమేమో పక్క పదం అర్థంతో కలిసిపోతోంది. కవలలను ఒకేసారి పరిచయం చేస్తే ఎవరి పేరు ఎవరిదో చాలాకాలం తడబడతాం. ఒకరిని బాగా ఎరిగాక రెండోవారిని చూస్తే తేడా దానంతటదే కనబడుతుంది.

అలాగని గుంపులు దండగ అనడం లేదు. వాటి వంతు తర్వాత వస్తుంది. మొదట రావాల్సింది కుటుంబం, అంటే ఒకే ధాతువు నుంచి పుట్టిన పదాలు. లాటిన్‌లో 'లొక్వి' అంటే మాట్లాడటం. దాన్నుంచి వచ్చినవి ఇంగ్లీషులో బోలెడు. లొక్వేషస్ అంటే మాటలపోగు. ఎలొక్వెంట్ అంటే వాగ్ధాటి ఉన్న మనిషి. కలోక్వియల్ అంటే వాడుకభాషకు చెందినది. సొలిలొక్వీ అంటే నాటకంలో పాత్ర తనలో తాను మాట్లాడుకోవడం. సర్కమ్‌లొక్యూషన్ అంటే సూటిగా చెప్పకుండా చుట్టూ తిప్పి చెప్పడం. ఇంటర్‌లొక్యూటర్ అంటే సంభాషణలో ఎదుటి మనిషి. ఆబ్లొక్వీ అంటే నలుగురూ కలిసి పోసే నింద. ఈ ఏడింటినీ ఒకే రోజు నేర్చుకున్నా తికమక ఉండదు. రూపంలో ఒక ముక్క ఉమ్మడిగా ఉంది, అర్థాలు మాత్రం ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. ఒకటి మనిషి గుణం, ఒకటి నాటకరంగపు మాట, ఒకటి తిట్టు. గుర్తుకు పట్టు దొరుకుతుంది, గందరగోళం దొరకదు.

కుటుంబంలో మరో వరస కూడా ఉంది. లొక్వేషస్ నుంచి లొక్వాసిటీ, రెటిసెంట్ నుంచి రెటిసెన్స్, ఎలొక్వెంట్ నుంచి ఎలొక్వెన్స్. విశేషణం తెలిసిన విద్యార్థి నామవాచకం కనబడగానే కొత్త పదమనుకుని ఆగిపోవడం తరచుగా జరుగుతుంది. వీటికి వేరే కార్డు అక్కర్లేదు. అదే కార్డు వెనక ఒక మూల రాసుకుంటే చాలు.

ధాతువును నమ్మడానికి ఒక హద్దుంది. రూపం చూసి చుట్టరికం కలిపేయకూడదు. లొకేషన్‌కు లొక్యూషన్‌తో ఏ బంధుత్వమూ లేదు. మొదటిది చోటు అనే అర్థమున్న వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది. ఇంకా చిక్కైనది 'వాల్'. బెనవలెంట్, మలెవలెంట్, వొలిషన్‌లలో ఉన్నది ఇచ్ఛ. అదే గడగడా మాట్లాడే మనిషికి వాడే వాల్యుబుల్‌లో ఉన్నది దొర్లడం. మెలికలు తిరిగిన వాదనను కాన్వల్యూటెడ్ అనేది ఆ ధాతువుతోనే. ఇచ్ఛ అనుకుని వాల్యుబుల్‌కు అర్థం ఊహిస్తే 'ఇష్టపడి చేసేది' అని తేలుతుంది, మార్కు పోతుంది. అందుకే పదమూలం ఇచ్చే నిఘంటువులో ఒక్కసారి చూసుకున్నాకే కుటుంబంలో చేర్చాలి. ధాతువు జ్ఞాపకానికి ఆసరా, అర్థానికి హామీ కాదు.

ఇక కార్డు. మామూలుగా రాసేది ముందువైపు పదం, వెనకవైపు అర్థం. అలా రాస్తే 'ఇది చూసినట్టుంది' అనే పరిచయమే మిగులుతుంది. నా సలహా తిరగేసి రాయమని. ముందువైపు ఖాళీ ఉన్న చిన్న వాక్యం, వెనకవైపు పదం, ఒక్క ముక్కలో అర్థం, ఒక్క తేడా. లకానిక్‌కు ముందువైపు 'అరగంట అడిగితే రెండు మాటల్లో ఖాళీ జవాబు ఇచ్చాడు' అని ఇంగ్లీషులో రాసుకోవాలి. వెనకవైపు తెలుగులో 'ముక్తసరి' అని రాస్తే సరిగ్గా అతుకుతుంది. టాసిటర్న్‌కు 'ముభావి', గ్యారలస్‌కు 'వాగుడుకాయ', ప్రోలిక్స్‌కు 'సాగదీత' నప్పుతాయి. తెలుగు మాట ఇంత దగ్గరగా దొరికినప్పుడు మూడు వరుసల ఇంగ్లీషు నిర్వచనం ఎత్తి రాయడం వృథా శ్రమ.

ఈ కార్డులను తిప్పే పద్ధతిని జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో తన పుస్తకంలో వివరించారు. ఐదు గడులున్న పెట్టె. కొత్త కార్డు మొదటి గడిలో పడుతుంది. జవాబు సరైతే తర్వాతి గడికి వెళ్తుంది, తప్పితే ఏ గడి నుంచైనా మొదటిదానికే తిరిగొస్తుంది. మొదటి గడిని రోజూ చూస్తాం, తర్వాతి వాటిని క్రమంగా అరుదుగా. 1, 3, 7, 14, 30 రోజుల ఎడం చాలామందికి సరిపోతుంది. ఆంకీ యాప్ ఇదే ఆలోచనను లెక్కగట్టి చేసిపెడుతుంది. అందులో కొత్త కార్డులు రోజుకు 20 అని ముందే పెట్టి ఉంటుంది. కాలేజీకి వెళ్తూ చదివేవాళ్లు దాన్ని 10కి తగ్గించుకోవాలి. ఈరోజు చేర్చిన ప్రతి పదం రాబోయే వారాల్లో మళ్లీమళ్లీ వస్తుంది కాబట్టి, మొదటి వారం తేలిగ్గా అనిపించిన వేగం నాలుగో వారంలో మోయలేని బరువవుతుంది.

పర్యాయపదాల వంతు వచ్చేది మూడో గడిలో. లొక్వేషస్ తన కుటుంబంతో కలిసి ఒక రోజు వచ్చింది. గ్యారలస్ వేరే రోజు, వాల్యుబుల్ ఇంకో వారం, ప్రోలిక్స్ మరో వారం వచ్చాయి. నాలుగూ మూడో గడి దాటాక వాటిని బల్ల మీద పక్కపక్కన పరిచి తేడా కార్డు రాయాలి. లొక్వేషస్ మనిషి తత్వం, అందులో తిట్టు తప్పనిసరి కాదు. గ్యారలస్‌లో పనికిమాలిన కబుర్లు, వినేవాడి విసుగు ఉన్నాయి. వాల్యుబుల్‌లో వేగం, ధార ఉన్నాయి, అది మెప్పు కూడా కావచ్చు. ప్రోలిక్స్ ఎక్కువగా రాతకు వాడతారు. ఈ తేడాలు ఎవరో ఇచ్చిన జాబితాలో చదివితే రెండు రోజులు నిలుస్తాయి. నాలుగు పదాలూ అప్పటికే పరిచయమై, నీ చేత్తో నువ్వు విడదీస్తే మనసుకు పడతాయి. ఒకప్పుడు అమరకోశం వల్లె వేసినవాళ్లకు పర్యాయపదాలు ఒకేచోట వచ్చేవి కదా అని అడగవచ్చు. వాళ్లకు ఆ తర్వాత ఏళ్ల తరబడి కావ్యపాఠం ఉండేది. ఏ మాట ఎక్కడ ఒదుగుతుందో శ్లోకం శ్లోకానికీ తెలిసేది. మూడు నెలల్లో పరీక్ష రాసే విద్యార్థికి ఆ వెసులుబాటు లేదు.

ఎక్కడ తప్పుతున్నామో కార్డులే చెబుతాయి. జవాబు తప్పినప్పుడు మొదటి గడిలో పడేసి ఊరుకోవద్దు. దాని బదులు ఏ పదం నోటికొచ్చిందో ఆ కార్డు వెనక పెన్సిల్‌తో రాయాలి. రెటిసెంట్ కార్డు వెనక 'రెలక్టెంట్' అని మూడుసార్లు పడితే, అక్కడ సమస్య జ్ఞాపకశక్తిది కాదు, ఆ జంటది. ఆ రెండు కార్డులనూ వారం పాటు విడదీసి, ఒకదాన్నే తిప్పి, ఆ తర్వాత రెండింటికీ కలిపి ఒక తేడా కార్డు రాయాలి. రెటిసెంట్ మాట బయటపెట్టడానికి జంకేవాడు, రెలక్టెంట్ ఏ పనికైనా వెనకాడేవాడు. ఆంకీలో ఒక కార్డు 8 సార్లు తప్పితే దానికి 'లీచ్' అని గుర్తు పడుతుంది. లీచ్ పడిన కార్డును ఇంకా ఎక్కువసార్లు చూడటం కాదు చేయాల్సింది, వాక్యం మార్చి కొత్తగా రాయడం.

ఇంకో లోపం ఇంతకంటే మెల్లగా చేరుతుంది. కార్డు మీది వాక్యం మొదటి రెండు మాటలు చూడగానే జవాబు వచ్చేస్తుంటే, తెలిసింది పదం కాదు, ఆ కార్డు. దీన్ని పట్టుకోవడానికి వారానికోసారి ఐదో గడిలోంచి పది పదాలు తీసి, ఒక్కోదానికి అక్కడికక్కడే కొత్త వాక్యం చెప్పాలి. చెప్పలేని పదం మొదటి గడికి వెళ్లాలి.

పరీక్షకు రెండు వారాల ముందు కొత్త కార్డులు ఆపేయాలి. ఆ రోజుల్లో జీఆర్ఈ నిర్వహించే ఈటీఎస్ సంస్థ విడుదల చేసిన నమూనా ప్రశ్నలు తీసుకుని, ఆరు పదాలనూ చేత్తో మూసేసి, ముందు ఖాళీలో తన సొంత మాట పెట్టుకోవాలి. ఆ మాట తెలుగులో వచ్చినా ఫర్వాలేదు. 'ముభావంగా' అని వచ్చాక చెయ్యి తీసి, దానికి సరిపోయే ఇద్దరిని వెతకాలి. ఒక్కరే దొరికితే ఆ మాట దగ్గరే పొరపాటు జరిగిందని అర్థం, వాక్యం మళ్లీ మొదటినుంచి చదవాలి.