దొర్లే చక్రమే మాట వింటుంది

శ్రీనివాసపురం తాలూకాలోని రాయల్పాడు చుట్టుపక్కల మామిడి కోతలు ముంగారు వానలతో పాటే వస్తాయి. కాయలు దించే రోజుల్లోనే రోడ్లు తడుస్తాయి. ఇక్కడి తోతాపురి కాయ చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లాలంటే పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగాలి. తడి రోడ్డు, నిండు బరువు, దిగుడు, ఈ మూడూ ఒకే ప్రయాణంలో ఎదురవుతాయి. బండి తోలేవాళ్లకు వచ్చే ప్రశ్నలూ వాటి గురించే.

గట్టిగా బ్రేకు తొక్కితే బండి ఎందుకు జారుతుంది?

దొర్లే చక్రంలో నేలను తాకే భాగం ఆ క్షణానికి నేలమీద నిలిచే ఉంటుంది. అందుకే దానికి పట్టు దొరుకుతుంది. బ్రేకు బిగిసి చక్రం తిరగడం ఆగిందంటే, టైరు నేలమీద రాసుకుంటూ పోతుంది. అప్పుడు స్టీరింగు ఎటు తిప్పినా బండి తాను వెళ్తున్న దారినే పోతుంది. కొన్నాళ్ల ఎండ తర్వాత పడే తొలివానలో ఇది మరీ ఎక్కువ. రోడ్డుమీద పేరుకున్న దుమ్ము, నూనె నీళ్లతో కలిసి జిగటగా తయారవుతాయి.

దీనికి మందు ఎవరు కనిపెట్టారు?

మొదట విమానాలకు అవసరమైంది. తడి రన్‌వేమీద చక్రాలు బిగిసి టైర్లు పేలేవి. 1950ల్లో బ్రిటన్‌లోని డన్‌లప్ సంస్థ మ్యాక్సారెట్ అనే పరికరం తెచ్చింది. అందులో చక్రంతో పాటే తిరిగే చిన్న బరువు చక్రం ఉండేది. అసలు చక్రం హఠాత్తుగా నెమ్మదించినా చిన్నది తన ఊపులో తిరుగుతూనే ఉండి, ఆ తేడాతో ఒక వాల్వును తెరిచి బ్రేకును సడలించేది. 1966లో అది జెన్సన్ ఎఫ్ఎఫ్ కారుకు ఎక్కింది. 1978లో బాష్ సంస్థ ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను మెర్సిడెస్ ఎస్-క్లాసుకు అందించింది. చక్రం వేగాన్ని సెన్సరు చూస్తుంది, బిగుసుకోబోతే కంప్యూటరు బ్రేకును వదిలి మళ్లీ పట్టిస్తుంది.

ఏబీఎస్ ఉన్న బండిలో పెడలు కాలికింద అదురుతుంది. అది పని చేస్తున్న గుర్తు. కాలు తీయకుండా గట్టిగా తొక్కిపట్టి, స్టీరింగుతో దారి చూసుకోండి. ఏబీఎస్ లేకపోతే చక్రం బిగిసిన వెంటనే కాస్త వదిలి, మళ్లీ మెల్లగా తొక్కాలి. బండి వెనక భాగం పక్కకు జారితే ఆక్సిలరేటరు వదిలి, బ్రేకు జోలికి పోకుండా, మీరు వెళ్లాల్సిన వైపే చూస్తూ అటే స్టీరింగు తిప్పండి. బండి సర్దుకోగానే స్టీరింగునూ సర్దాలి. లేదంటే రెండోవైపు జారుతుంది.

నీళ్లమీద బండి తేలడం నిజమేనా?

నిజమే. టైరు గాడులు నీటిని పక్కకు తోయలేనంత వేగంలో, టైరుకూ రోడ్డుకూ మధ్య నీటిపొర నిలుస్తుంది. 1960ల్లో నాసా పరిశోధకులు దీనికి ఒక లెక్క కట్టారు. టైరులో గాలి 32 పీఎస్ఐ ఉంటే దాదాపు 94 కిలోమీటర్ల వేగంలో టైరు పూర్తిగా తేలుతుంది. గాలి 25కి తగ్గితే 83 దగ్గరే తేలుతుంది. గాడులు అరిగితే ఇంకా ముందే. స్టీరింగు ఒక్కసారిగా తేలికవడం, ఇంజను గోల పెరగడం దీని గుర్తులు. అప్పుడు బ్రేకు తొక్కొద్దు, స్టీరింగు తిప్పొద్దు. ఆక్సిలరేటరు మెల్లగా వదిలి, చక్రం మళ్లీ నేల తాకేదాకా స్టీరింగును తిన్నగా పట్టుకోండి.

దిగుడులో బ్రేకు పడకపోతే?

మూడు టన్నుల పికప్ ప్రతి 100 మీటర్ల ఎత్తు దిగినప్పుడూ, తొమ్మిది లీటర్ల నీళ్లు మరిగించేంత వేడి పుడుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపితే, ఆ వేడిలో ఎక్కువ భాగం బ్రేకులమీదే పడుతుంది. పాతబడి తేమ పీల్చిన డాట్-3 బ్రేకు ఆయిలు 140 డిగ్రీల దగ్గరే మరగొచ్చు. అందులో ఆవిరి బుడగలు పుడితే పెడలు మెత్తగా లోపలికి పోతుంది. కాలిన వాసన, మెత్తబడ్డ పెడలు ముందే వచ్చే హెచ్చరికలు. అప్పుడే బండి పక్కకు ఆపి చల్లారనివ్వాలి.

హెచ్చరిక దాటిపోతే, పెడలును గబగబా నాలుగైదు సార్లు తొక్కండి, కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. అదే సమయంలో గేర్లు ఒక్కొక్కటిగా దించితే ఇంజనే బండిని పట్టుకుంటుంది. హ్యాండ్‌బ్రేకు బటన్ నొక్కి ఉంచి కొద్దికొద్దిగా లాగండి. ఒక్కసారే లాగితే వెనక చక్రాలు బిగిసి మళ్లీ జారుడే. ఇంజను ఆపొద్దు, ఆపితే స్టీరింగు బరువెక్కుతుంది. చివరి దారిగా ఎగువ వాలు ఎక్కించో, పొదలనో మట్టికట్టనో ఒరుసుకుంటూనో ఆపాలి. ఎయిర్ బ్రేకు లారీలో మాత్రం పెడలును పదేపదే తొక్కకూడదు, ఉన్న గాలి అయిపోతుంది.

ఘాటు ఎక్కడానికి ఏ గేరు కావాలో, దిగడానికీ అదే గేరు. దిగుడు మొదలయ్యే ముందే ఆ గేరు వేస్తే, కాయల బరువుతో ఉన్న బండిని ఇంజను పట్టుకుంటుంది, బ్రేకు చల్లగా ఉంటుంది, చక్రాలు దొర్లుతూనే ఉంటాయి.