బాట్ గుమ్మం దగ్గర కాపలా

"మూడు గంటలుగా కరెంటు లేదు, ఈ ఉక్క చంపేస్తోంది." ఫిర్యాదుల చాట్‌బాట్‌కు ఇలా రాస్తే, అది బాట్ దాకా చేరకపోవచ్చు. ముందు మోడరేషన్ మోడల్ దాన్ని చదివి, తిట్టో బెదిరింపో అనిపించిన మేరకు 0 నుంచి 1 మధ్య మార్కు వేస్తుంది. మనం గీసిన గీత దాటితే ఆపేస్తుంది. 'చంపేస్తోంది' చూసి 0.6 వేసిందనుకోండి, గీత 0.5 దగ్గరుంటే ఫిర్యాదు గాల్లో కలిసినట్టే. దీన్నే ఫాల్స్ పాజిటివ్ అంటారు.

రోజుకు 10,000 మెసేజ్‌లు వస్తే, వాటిలో 100 నిజంగా బూతులనుకుందాం. మోడల్ 90 పట్టుకుంది. మిగతా 9,900లో నూటికి రెండే పొరపాటున ఆపింది. బాగానే ఉందనిపిస్తుంది కదా? కానీ ఆ రెండు శాతమే 198. అంటే ఆగిపోయిన 288లో మూడింట రెండు వంతులు ఏ పాపమూ ఎరగనివి.

గీతను 0.9కి జరిపితే వీటిలో చాలావరకు బయటపడతాయి, కొన్ని బూతులూ జారిపోతాయి. ఫిర్యాదుల బాట్‌కైతే నా ఓటు దానికే. కోపం లేకుండా ఫిర్యాదు ఎవరు చేస్తారు? 0.5కీ 0.9కీ మధ్య పడ్డవాటిని బాట్‌కు పంపుతూనే, రోజూ కొన్నింటిని తెలుగొచ్చిన మనిషి చదవాలి. "champestondi" అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినవాటికి మార్కు ఎలా పడుతోందో విడిగా చూడాలి.