పద్దెనిమిది దాటినా ఆడని వీడియో

ఒక వార్తా వెబ్‌సైట్‌లో రోడ్డు ప్రమాదం గురించి కథనం వచ్చిందనుకుందాం. మధ్యలో సీసీటీవీ దృశ్యాలున్న యూట్యూబ్ వీడియోను పొదిగారు. చదువుతున్నాయన వయసు యాభై. ప్లే బటన్ నొక్కితే బొమ్మ రాదు. నల్లటి పెట్టెలో "This video is age-restricted and only available on YouTube" అని కనిపిస్తుంది, దానితో పాటు యూట్యూబ్‌కు తీసుకెళ్లే లింకు. ఇంత వయసు వచ్చాక తనకు వయోపరిమితి ఏమిటని ఆయనకు ఒళ్లు మండుతుంది.

వయోపరిమితి అంటే వీడియోను తీసేయడం కాదు. వీడియో యూట్యూబ్‌లోనే ఉంటుంది, పద్దెనిమిదేళ్లు నిండినవారికి మాత్రమే కనిపిస్తుంది. ఈ ముద్ర రెండు దారుల్లో పడుతుంది. అప్‌లోడ్ చేసేవారే తమంతట తాము పెట్టుకోవచ్చు. లేదా నిబంధనల ప్రకారం యూట్యూబ్ వేస్తుంది. రక్తపాతం, లైంగిక ధోరణి, మత్తు పదార్థాలు, పిల్లలు అనుకరిస్తే ప్రాణాల మీదికొచ్చే సాహసాలు, బండబూతులు దీనికి ప్రధాన కారణాలు. ప్రమాద దృశ్యాల్లాంటివి వార్తా విలువ ఉందని ఉంచేసినా, పిల్లల కంట పడకుండా ఈ ముద్ర వేసే సందర్భాలుంటాయి.

చూడాలంటే రెండూ కుదరాలి: గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి ఉండాలి, ఆ అకౌంట్‌లోని పుట్టిన తేదీ ప్రకారం పద్దెనిమిది నిండాలి. యూట్యూబ్ చూసేది ఎదురుగా కూర్చున్న మనిషిని కాదు, అకౌంట్‌ను. అందుకే కొడుకు అకౌంట్ ఉన్న ఫోన్‌లో తండ్రి చూడబోయినా వీడియో తెరుచుకోదు. సైన్ ఇన్ కాకపోతే "Sign in to confirm your age" అంటుంది. బ్రిటన్‌లోనూ యూరప్ దేశాల్లోనూ కొందరికి పుట్టిన తేదీ ఒక్కటే సరిపోదు, గుర్తింపు కార్డో క్రెడిట్ కార్డో చూపమని అడుగుతుంది. లండన్‌లో చదువుకునే తెలుగు విద్యార్థికి ఈ అడ్డంకి ఎదురైతే అకౌంట్ పాడైందని కంగారు పడనక్కర్లేదు.

మరి అన్నీ సరిగ్గా ఉన్న మన పాఠకుడికి వార్తా సైట్‌లో ఎందుకు ఆడలేదు?

2020 సెప్టెంబరులో యూట్యూబ్ ఒక మార్పు ప్రకటించింది. బయటి సైట్లలో పొదిగిన వయోపరిమితి వీడియోలను నొక్కినవారిని తన దగ్గరికే రప్పించి, సైన్ ఇన్, వయసు సరిచూశాకే చూపిస్తామంది. వీడియో ఎక్కడ తారసపడినా తగిన వయసువారే చూడాలన్నది దాని ఉద్దేశం. ఇతరుల పేజీలో కూర్చున్న ప్లేయర్‌కు, చూస్తున్నది ఏ అకౌంటో అన్నిసార్లూ తెలియకపోవచ్చు. బయటి కుకీలను ఆపేసే బ్రౌజర్లలో, అజ్ఞాత విండోల్లో సైన్ ఇన్ వివరం దాని దాకా చేరదు. అందుకే చాలా బయటి సైట్లలో, చూసేవారు ఎవరైనా సరే, ప్లేయర్ ఆగిపోతుంది. ఆ యాభై ఏళ్ల పెద్దమనిషి లింకు నొక్కి యూట్యూబ్‌కు వెళ్లి సైన్ ఇన్ అయితే వీడియో చక్కగా ఆడుతుంది.

పొదిగిన వీడియో ఆగిన ప్రతిసారీ కారణం వయోపరిమితే అనుకుంటే పొరపాటు. అప్‌లోడ్ చేసేటప్పుడు Allow embedding అనే టిక్కు తీసేస్తే ఏ వీడియో అయినా బయటి సైట్లలో ఆడదు. సంగీత, సినిమా సంస్థల ఛానెళ్లు ఇలా చేయడం కద్దు. తేడా పట్టుకోవడం తేలిక. వీడియో అసలు లింకును అజ్ఞాత విండోలో తెరవాలి. హాయిగా ఆడితే అడ్డు పొదగడానికే. వయసు నిర్ధారించుకోమని సైన్ ఇన్ అడిగితే వయోపరిమితి. రోబో కాదని నిరూపించుకోమని అడిగితే మాత్రం అది వేరే తనిఖీ, దానికీ వయసుకూ సంబంధం లేదు.

సైట్ నడిపే సాంకేతిక సిబ్బంది ఈ సంగతిని ముందే తెలుసుకోవచ్చు. యూట్యూబ్ డేటా ఏపీఐ ఇచ్చే వివరాల్లో contentRating కింద ytAgeRestricted అని ఉంటే ఆ వీడియోకు వయోపరిమితి ఉన్నట్టు. అప్పుడు ఎంబెడ్ కోడ్‌తో ఎన్ని కుస్తీలు పట్టినా లాభం లేదు.

వీడియో సొంతదారుకు మాత్రం కొంత అవకాశముంది. తాను పెట్టుకున్న పరిమితి అయితే యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో వివరాల్లోకి వెళ్లి తీసేయవచ్చు. యూట్యూబ్ వేసినదైతే తనంతట తాను తీయలేడు, అక్కడే అప్పీలు చేసుకోవాలి. వేరేవాళ్ల వీడియో వాడుకున్న సంపాదకుడికి ఆ దారి కూడా లేదు. నల్లపెట్టెకు బదులు దృశ్యంలో ఏముందో రెండు వాక్యాల్లో చెప్పి, "యూట్యూబ్‌లో సైన్ ఇన్ అయి చూడండి, పద్దెనిమిది నిండినవారికి మాత్రమే" అన్న సూచనతో లింకు ఇస్తే పాఠకుడు తికమకపడడు.