బ్యాలెన్స్‌లోంచి మాయమయ్యే ముప్పై రూపాయలు

మా బాబాయి ఫోన్‌లో కాల్స్ తప్ప ఏమీ వాడరు. వంద రూపాయల టాప్-అప్ వేస్తే నాలుగు రోజులకే ముప్పై రూపాయలు తగ్గిపోయాయి. ఇన్‌బాక్స్‌లో వెతికితే ఒక ఎస్సెమ్మెస్ కనిపించింది: ఏదో గేమ్స్ ప్యాక్ మొదలైందట, ముప్పై రూపాయలు కట్ అయ్యాయట. ఆయన దాన్ని ప్రకటన అనుకుని చదవనే లేదు.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. అన్‌లిమిటెడ్ ప్యాక్ మీదున్నవాళ్లకు మెయిన్ బ్యాలెన్స్ సున్నా కాబట్టి కోతకు ఏమీ దొరకదు. టాప్-అప్ వేసుకునే పెద్దవాళ్ల ఖాతాలోనే డబ్బు ఉంటుంది, పోయేదీ అక్కడి నుంచే.

ట్రాయ్ 2013 జులైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇలాంటి సర్వీసు మొదలుపెట్టాలంటే మన అంగీకారం రెండుసార్లు కావాలి. ఏదో ప్రకటన మీద వేలు తగలడం చాలదు, ధర చెప్పి మళ్లీ అడగాలి, మనం ఒప్పుకోవాలి. ఆ రెండో అంగీకారాన్నే మనం పట్టుకోవాలి.

ముందు STOP అని 155223కి ఎస్సెమ్మెస్ పంపండి. లేదా అదే నంబర్‌కు కాల్ చేయండి. నడుస్తున్న సర్వీసులు తెలుస్తాయి, వద్దన్నది ఆగిపోతుంది. ఈ పని కోత పడిన వెంటనే చేస్తే మీ మాటకు బలం ఎక్కువ.

ఆపేస్తే పోయిన డబ్బు దానంతటదే వెనక్కి రాదు. దానికి 198కి ఫిర్యాదు చేయాలి. బాబాయి ఫోన్ నుంచి మేమే చేశాం. "మీరే యాక్టివేట్ చేసుకున్నారండీ" అన్నాడు అవతలి అబ్బాయి. "అయితే రెండో అంగీకారం ఏ తేదీన, ఏ టైముకు, ఎలా ఇచ్చామో మీ రికార్డు చూసి చెప్పండి. లేకపోతే డబ్బు వెనక్కి వేయండి, వ్యాల్యూ యాడెడ్ సర్వీసులన్నీ ఈ నంబర్‌కు బ్లాక్ చేయండి" అన్నాం. కాసేపు ఆగమని, తిరిగొచ్చి ఫిర్యాదు రాసుకున్నాడు. డబ్బు మెయిన్ బ్యాలెన్స్‌లోకి వచ్చింది.

ఫోన్ పెట్టేసేముందు డాకెట్ నంబర్ తప్పకుండా తీసుకోండి. అది లేనిదే తర్వాతి మెట్టు ఎక్కలేరు. జవాబు నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి ఫీజు లేకుండా అప్పీలు చేయవచ్చు. దానికి గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. ట్రాయ్ వ్యక్తుల ఫిర్యాదులను తానుగా తేల్చదు. అప్పీలులోనూ పని కాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. టెలికాం ఫిర్యాదులు అక్కడ వినవచ్చని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది.

1909తో డీఎన్‌డీ పెట్టుకున్నాం కదా అని ధీమాగా ఉండకండి. అది ప్రచార కాల్స్‌ను, మెసేజ్‌లను ఆపుతుంది. ఈ కోతలను ఆపదు. బ్లాక్ చేయమని విడిగా అడగాల్సిందే.