ఒకే కారుకు రెండు సైజుల టైర్లా?

2018లో వచ్చిన మారుతి స్విఫ్ట్‌లో తక్కువ ధర వేరియంట్లకు 165/80 R14 టైర్లు, పైవాటికి 185/65 R15 టైర్లు వేసి ఇచ్చారు. కారు అదే, ఇంజను అదే. మరి టైర్లెందుకు మారాయి? టైరు పక్కన అచ్చుపోసిన ఆ అంకెల్లోనే జవాబుంది.

మొదటి అంకె 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రోడ్డుకు ఆనే పట్టా వెడల్పు అనుకుంటారు చాలామంది. కాదు. గాలి నింపిన టైరును ఒక పక్క నుంచి ఇంకో పక్కదాకా కొలిస్తే వచ్చేది అది. R అంటే రేడియల్ టైరు. దాని పక్కనున్న 14 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. రిమ్ము బయటి అంచు నుంచి అంచుకు టేపు పెడితే ఇంతకంటే ఎక్కువే వస్తుంది, ఎందుకంటే ఈ కొలత టైరు అంచు లోపల కూర్చునే చోటుది.

తికమకపెట్టేది మధ్యలోని 80. అది మిల్లీమీటర్లూ కాదు, అంగుళాలూ కాదు, శాతం. టైరు పక్కభాగం ఎత్తు వెడల్పులో 80 శాతమని అర్థం. 165లో 80 శాతం 132 మిల్లీమీటర్లు. రిమ్ముకు పైన 132, కింద 132, మధ్యలో 14 అంగుళాలు, అంటే 355.6 మిల్లీమీటర్లు. అన్నీ కలిపితే చక్రం మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు.

రెండో టైరునూ ఇలాగే లెక్కేస్తే 185లో 65 శాతం సుమారు 120. పైనా కిందా కలిపి 240.5, దానికి 15 అంగుళాల రిమ్ము 381 కలిపితే 621.5. తేడా రెండు మిల్లీమీటర్లే! టైరు వెడల్పయింది, రిమ్ము పెద్దదైంది, పక్కభాగం ఆ మేరకు పొట్టిదైంది. చక్రం ఎత్తు మాత్రం దాదాపు అలాగే ఉంది. కంపెనీ చూసుకున్నది దీన్నే.

పాత టైర్లు అరిగాక కొందరు ‘కాస్త వెడల్పువి వేద్దాం’ అనుకుని, 80నీ 14నీ అలాగే ఉంచి 165 బదులు 185 అడుగుతారు. వెడల్పొక్కటే మారుతుందన్నది వాళ్ల నమ్మకం. 80 శాతం కాబట్టి ఎత్తూ పెరుగుతుంది. పక్కభాగం 148 అవుతుంది, చక్రం 652కు చేరుతుంది, అంటే 5 శాతం పెద్దది. స్పీడోమీటరుకు ఈ సంగతి తెలియదు, అది చక్రం తిరిగిన చుట్లనే లెక్కపెడుతుంది. మీటరులో అదే 80 కనిపిస్తున్నా, కారు మునుపు 84 చూపినప్పటి వేగంతో పోతుంటుంది. తిరిగిన కిలోమీటర్లూ తక్కువగానే నమోదవుతాయి. నిండా మనుషులెక్కినప్పుడో, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడో టైరు మడ్‌గార్డు లోపలి భాగానికి ఒరుసుకోవచ్చు. ఆ ఒరిపిడి చప్పుడు వింటే అనుమానించాల్సింది సైజునే.

సైజు మార్చాలనుకుంటే ఈ మొత్తం ఎత్తును కాగితం మీద వేసి చూసుకోవాలి. అసలు దానికీ కొత్తదానికీ తేడా 3 శాతం మించకూడదన్నది టైర్ల వ్యాపారంలో వాడుకలో ఉన్న లెక్క. కొత్త వెడల్పుకు ఉన్న రిమ్ము వెడల్పు సరిపోతుందా అన్నది ఈ అంకెలు చెప్పవు, విడిగా అడగాల్సిందే. కారుకు కంపెనీ ఒప్పుకున్న సైజు ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. చాలా కార్లలో డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీదా ఉంటుంది, ఎంత గాలి కొట్టించాలో కూడా అక్కడే రాసి ఉంటుంది.