15 శాతం ఫండా, 12 శాతం ఫండా?

మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ కావాలంటే ఎన్‌ఐఎస్‌ఎం పరీక్ష గట్టెక్కాలి. దానికి చదివేవాళ్లకీ, కాలేజీల్లో ఇన్వెస్ట్‌మెంట్ క్విజ్‌లకు కూర్చునేవాళ్లకీ ఈ తరహా ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. ఒక ఫార్మా ఫండ్ ఏడాదికి సగటున 15 శాతం ఇచ్చింది, దాని స్టాండర్డ్ డీవియేషన్ 18. అన్ని రంగాల షేర్లూ ఉన్న మరో ఫండ్ 12 శాతమే ఇచ్చింది, డీవియేషన్ 10. రిస్క్ లేని రాబడి 6 శాతం. ఏది మేలు?

చెయ్యి 15 మీదికే పోతుంది. ప్రశ్న రాసినవాడికీ కావలసింది అదే.

స్టాండర్డ్ డీవియేషన్ అంటే రాబడి తన సగటుకు ఎంత దూరం ఊగుతుందో చెప్పే కొలత. ఫార్మా ఫండ్ కొన్నేళ్లు 33 దాకా ఎగరగలదు, కొన్నేళ్లు సున్నా దిగువకూ పడగలదు. ఆ ఊగులాటకు తగ్గ ఫలితం దక్కిందా అని అమెరికన్ ఆర్థికవేత్త విలియం షార్ప్ 1966లో ఓ పరిశోధనా వ్యాసంలో లెక్క తీశాడు. 1954 నుంచి 1963 వరకు 34 మ్యూచువల్ ఫండ్ల పనితీరును దాంతోనే పోల్చాడు. షార్ప్ రేషియో అన్న పేరు తర్వాత జనం పెట్టిందే. 1990లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

లెక్క తేలికే. ముందు రాబడిలోంచి రిస్క్ లేని రాబడి తీసేయాలి. ట్రెజరీ బిల్లులో పెట్టినా వచ్చే 6 శాతాన్ని ఫండ్ మేనేజర్ ప్రతిభ ఖాతాలో వేయలేం కదా. మిగిలినదాన్ని డీవియేషన్‌తో భాగించాలి. ఫార్మాకు 9ని 18తో భాగిస్తే 0.5. రెండోదానికి 6ని 10తో భాగిస్తే 0.6. కాబట్టి 12 శాతం ఫండే ముందుంది. 6 తీసేయడం మరిచిపోయినవాళ్లకు 0.83, 1.2 వస్తాయి. ఇక్కడ గెలిచేది ఎలాగూ అదే ఫండ్, కానీ రేషియో విలువే అడిగితే మార్కు పోయినట్టే. నెలవారీ డీవియేషన్ ఇచ్చి ఏడాది రాబడి అడిగే ప్రశ్నలూ ఉంటాయి. అప్పుడు డీవియేషన్‌ను 12తో కాదు, 12 వర్గమూలంతో, అంటే దాదాపు 3.46తో గుణించాలి.

ఇంతవరకూ చాలామందికి వచ్చు. అదే ప్రశ్నకు ఇంకో వరస చేర్చితేనే తడబాటు. ఫార్మా ఫండ్ బీటా 0.9, రెండోదానిది 0.8. ఇప్పుడు ట్రెయినర్ రేషియో ప్రకారం ఏది మేలు? జాక్ ట్రెయినర్ 1965లోనే ఇచ్చిన కొలత ఇది. పై లెక్క అలాగే ఉంటుంది, భాగించేది మాత్రం బీటాతో. ఫార్మాకు 9ని 0.9తో భాగిస్తే 10, రెండోదానికి 6ని 0.8తో భాగిస్తే 7.5. వరస తిరగబడింది!

లెక్కలో తప్పేమీ లేదు. బీటా కొలిచేది మార్కెట్‌తో పాటు వచ్చే ఊగులాటను మాత్రమే. ఔషధాల ధరల నియంత్రణ, అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీల్లాంటి ఆ రంగం సొంత తలనొప్పులు డీవియేషన్‌లోకి వస్తాయి గానీ బీటాలోకి అంతగా రావు. ఉన్న డబ్బంతా ఆ ఒక్క ఫండ్‌లోనే పెట్టినవాడు ఆ తలనొప్పులన్నీ మోయాలి, కాబట్టి అతను షార్ప్ చూసుకోవాలి. రకరకాల పెట్టుబడుల మధ్య దాన్నో చిన్న వాటాగా పెట్టుకున్నవాడికి అవి మిగతావాటిలో చాలావరకు కలిసిపోతాయి, అతనికి ట్రెయినర్ సరిపోతుంది. అందుకే ప్రశ్నలో ‘ఇదొక్కటే పెట్టుబడి’ అన్న మాట ఉందా, ‘బాగా విస్తరించిన పోర్ట్‌ఫోలియోలో భాగం’ అన్న మాట ఉందా అన్నది అంకెల కంటే ముందు చూడాలి. నా ఉద్దేశంలో, ఈ మాట ఇవ్వకుండా ‘ఏది మేలు’ అని అడిగేది చెడ్డ ప్రశ్న.

బీటాను నమ్మే ముందు ఆర్-స్క్వేర్డ్ కూడా చూడాలి. ఫండ్ కదలికలో ఎంత భాగం ఇండెక్స్ వల్ల వచ్చిందో అది చెబుతుంది. ఇండెక్స్ డీవియేషన్ 12 అనుకుంటే మన రెండో ఫండ్‌కు ఇది 0.92 వస్తుంది, ఫార్మాకు 0.36 మాత్రమే. అంటే ఫార్మా ఫండ్ బీటాను ఆ ఇండెక్స్‌తో కొలవడమే బలహీనమైన పని. ట్రెయినర్‌లో దానికి వచ్చిన 10ని అంత ధీమాగా తీసుకోలేం. ఫార్మా ఇండెక్స్‌తో కొలిస్తే బీటా మారుతుంది, రేషియో కూడా మారుతుంది.

మార్కెట్ పడిన ఏడాదుల మీద వేసే ప్రశ్నల్లో ఇంకో ఉచ్చు ఉంటుంది. రెండు ఫండ్లూ 4 శాతమే ఇచ్చాయి, రిస్క్ లేని రాబడి మళ్లీ 6. ఒకదాని డీవియేషన్ 10, ఇంకోదానిది 20. షార్ప్ రేషియోలు మైనస్ 0.2, మైనస్ 0.1. పెద్ద అంకె చూసి ఎంచుకుంటే, అదే రాబడికి రెట్టింపు ఊగిన ఫండ్ నెగ్గుతుంది! రేషియో మైనస్‌లోకి దిగిందంటే దాంతో వరస పెట్టడం మానేసి, రాబడినీ డీవియేషన్‌నూ విడివిడిగా పక్కపక్కన పెట్టి చూడాలి. ఇక్కడ రాబడి సమానమే కాబట్టి డీవియేషన్ 10 ఉన్నదే సరైన జవాబు.