ఒక పంచె సినిమాకి ఐదు లక్షలు అడగడం ఎలా

పొందూరు ఖాదీ మీద డాక్యుమెంటరీ తీస్తాం, సాయం చేయండి అని ఎవరైనా మెయిల్ రాస్తే అది దాదాపు గాంధీజీతోనే మొదలవుతుంది. ఆయన ఈ ఖాదీని మెచ్చుకున్నారు, వివరాలు చూసి రమ్మని కొడుకు దేవదాసును పంపారు అంటారు. తర్వాత అక్కినేని పంచెకట్టు వస్తుంది. ఆ తర్వాత ‘అంతరించిపోతున్న అపురూప కళ’ వస్తుంది. అవతల నిధులిచ్చే సంస్థలో చదివే మనిషి అక్కడిదాకా చదివి ఆపేస్తాడు. కలంకారీ మీద, కొండపల్లి బొమ్మల మీద, చేర్యాల నకాషీ మీద వచ్చిన మెయిళ్లలోనూ అతను అదే వాక్యం చదివి ఉంటాడు. ఊరి పేరు మార్చి మరో కళకు అంటించగలిగిన వాక్యంతో డబ్బు రాదు.

మరి ఏది రాయాలి? పొందూరునే తీసుకుని చూద్దాం. ఊరూ అక్కడి పనీ నిజమైనవి. సినిమా, మెయిలు, అందులోని లెక్కలు మాత్రం ఉదాహరణ కోసం మనం అల్లుకున్నవి.

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరులో సన్నఖాదీ పని వాలుగ చేప దవడతో మొదలవుతుంది. ఆ దవడ ఎముకకు వరసగా సన్నటి పళ్లుంటాయి. దాన్ని పుల్లకు కట్టి, గింజ తీయని పత్తిని దువ్వెనతో దువ్వినట్టు దువ్వుతారు. చెత్త రాలిపోతుంది, పోగులు ఒకే దిక్కుకు తిరుగుతాయి. తర్వాత గింజ తీయడం, దూది ఏకడం, ఏకులు చుట్టడం, ఒంటి కదురు రాట్నం మీద వడకడం. నూరో నంబరు నూలు దాకా ఇళ్లలో ఆడవాళ్లే, అందులోనూ ఎక్కువగా పెద్ద వయసువాళ్లు, తీస్తారు. ఆ నూలు మగ్గం ఎక్కుతుంది, బట్ట అవుతుంది, ఖాదీ దుకాణానికి చేరుతుంది.

ఇదంతా మెయిల్లో రాస్తే అది వ్యాసం అవుతుంది. సినిమాకి వెన్నెముక వేరే కావాలి. మన దర్శకురాలు పెట్టుకున్నది ఇదీ: ఒకే ఒక పంచె. దాని పత్తి చెట్టు మీద ఉన్నప్పటి నుంచి దుకాణంలో మడత విప్పేదాకా కెమెరా దాని వెంటే ఉంటుంది. ఏ చేతిలో ఎంతసేపు ఉంది, ఆ చేతికి ఎంత ముట్టింది అన్నదే కథ. అమ్ముడుపోయిన ధర చివరి దృశ్యంలో తెలుస్తుంది. కాబట్టి మెయిల్ విషయం పెట్టెలో ‘చేనేత డాక్యుమెంటరీకి సహకారం కోరుతూ’ అని ఉండకూడదు. ‘ఒక పంచె: 60 నిమిషాల డాక్యుమెంటరీ, చిత్రీకరణ దశకు 5 లక్షల అభ్యర్థన’ అని ఉండాలి. నిడివి, దశ, మొత్తం మూడూ అక్కడే తెలిసిపోతాయి.

ఇలాంటి మెయిళ్లు మామూలుగా ఇంగ్లీషులో వెళ్తాయి. తెలుగులో చెప్పుకుంటే మొదటి పేరా ఇలా ఉంటుంది:

‘పొందూరులో ఒక పెద్దావిడ చేప దవడతో పత్తి దువ్వడంతో మా సినిమా మొదలవుతుంది. అదే పత్తి పంచె అయి అమ్ముడుపోవడంతో ముగుస్తుంది. మధ్యలో వ్యాఖ్యానం ఉండదు. ఆవిడ, ఆవిడ నూలు నేసే నేతగాడు, దుకాణంలో అమ్మే గుమాస్తా మాత్రమే మాట్లాడతారు. మొదటి ఇద్దరూ ఒప్పుకున్నారు, దుకాణం అనుమతి ఇంకా రావాలి.’

చివరి వాక్యాన్ని దాచిపెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. దాచకపోతేనే మంచిది. అనుమతి ఎవరెవరిది ఉంది అన్నది నిధులిచ్చేవాళ్లు మొదట వెతికే సమాచారం. సంఘం కార్యదర్శి సరేనన్నంత మాత్రాన వడికే ఆవిడ సరేనన్నట్టు కాదు. ఆవిడ ఇంట్లో కెమెరా పెట్టడానికి ఆవిడే ఒప్పుకోవాలి, మధ్యలో వద్దంటే ఆపే హక్కు ఆవిడకే ఉండాలి. పెద్ద వయసు మనిషి కాబట్టి సుస్తీ చేయవచ్చు. అలాంటప్పుడు ఏం చేస్తారు అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ‘అదే వీధిలో రెండో ఇంటివారితోనూ మాట్లాడి ఉంచాం’ అన్న ఒక్క మాట ఆ అనుమానం తీరుస్తుంది. ఊరికి నిజంగా వెళ్లొచ్చినవాళ్లే ఆ మాట రాయగలరు, చదివేవాళ్లకీ ఆ సంగతి తెలుసు.

ఇక డబ్బు. సినిమా మొత్తం ఖర్చు 12 లక్షలు అనుకుందాం. అంతా ఒకేచోట అడిగితే దొరకడం అరుదు. అందుకే మన దర్శకురాలు చిత్రీకరణ వరకే అడుగుతోంది. నాలుగు విడతలుగా 20 రోజుల పని. కెమెరామన్‌కి పరికరాలతో కలిపి రోజుకి 10,000 చొప్పున 2 లక్షలు. శబ్దం రికార్డు చేసేవారికి రోజుకి 7,000 చొప్పున 1,40,000. ప్రయాణం, బస, తిండి లక్ష. హార్డ్‌డిస్కులు 40,000. మిగిలిన 20,000 చిత్రీకరణ రోజుల్లో పని సాగక వడికేవాళ్లూ నేసేవాళ్లూ పోగొట్టుకునే కూలికి. మొత్తం 5 లక్షలు. ఎడిటింగ్, మిక్సింగ్, దర్శకురాలి పారితోషికం తదితరాలకు కావలసిన 7 లక్షలు ఎక్కడ ప్రయత్నిస్తున్నదీ ఒక వాక్యంలో చెబుతుంది.

ఈ లెక్కలో రెండు పద్దులు చదివేవాళ్ల కంట పడతాయి. ఒకటి శబ్దం. వ్యాఖ్యానం లేని సినిమాకి దవడ గీతా, రాట్నం రొదా, మగ్గం చప్పుడే మాటలు. అక్కడ డబ్బు మిగిల్చాలని కెమెరాకున్న మైకుతో సరిపెడితే సినిమా కుంటుతుంది, లెక్క చూడగానే ఆ సంగతి బయటపడుతుంది. రెండోది కూలి. ముక్కకింత అని పనిచేసే మనిషిని ‘అమ్మా, మళ్లీ ఒకసారి తిప్పండి’ అని రోజంతా ఆపితే ఆ రోజు నూలు తగ్గుతుంది. ఆ నష్టం పూడ్చడం వేరు, మాట్లాడినందుకు డబ్బివ్వడం వేరు. రెండోదాన్ని చాలామంది డాక్యుమెంటరీ దర్శకులు ఒప్పుకోరు. అందుకే పద్దు పేరు స్పష్టంగా ‘కూలి నష్టం’ అని రాయాలి.

నమూనా దృశ్యం గురించీ చెప్పాలి. సంగీతం దట్టించిన రెండు నిమిషాల ట్రైలరు కంటే కోతలు లేని మూడు నిమిషాల ఒక్క దృశ్యం మేలని నా అభిప్రాయం. ట్రైలరు ఎడిటరు నేర్పు చూపిస్తుంది. దృశ్యమైతే, కెమెరా ముందు ఆవిడ బిగుసుకోకుండా పని చేసుకుంటోందా లేదా అన్నది చూపిస్తుంది. దాన్ని ఫైలుగా జతచేస్తే మెయిల్ వెళ్లకపోవచ్చు. లింకు ఇచ్చి, పాస్‌వర్డ్ దాని పక్కనే రాసి, పంపేముందు వేరేవాళ్ల ఫోన్లో తెరిచి చూసుకోవాలి. తెరుచుకోని లింకు గురించి ఫిర్యాదు చేసే ఓపిక అవతలివాళ్లకు ఉండదు, పక్కన పెట్టేస్తారు.

ఎవరికి పంపాలన్నది చివరికి వదిలేస్తారు గానీ ముందే చూడాల్సింది. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ లాంటి సంస్థ కళల పరిశోధనకూ సృజనకూ గ్రాంట్లు ఇస్తుంది. కోల్‌కతాలో జరిగే డాక్‌ఎడ్జ్ లాంటి వేదికలో దర్శకులు తమ సినిమా గురించి నిధులిచ్చేవాళ్ల ముందు స్వయంగా చెప్పుకుంటారు. విదేశీ నిధి అయితే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం తమకు వర్తిస్తుందేమో ముందే ఆడిటరును అడగాలి. గ్రాంటు మంజూరయ్యాక తీసుకోలేని పరిస్థితి వస్తే ఏడాది పోతుంది. చాలా సంస్థలు దరఖాస్తును తమ ఫారంలోనే తీసుకుంటాయి. అలాంటిచోట మెయిలు పని ఒక్కటే: ‘ఈ సినిమా మీ పథకం కిందికి వస్తుందా?’ అని అడగడం. ఇరవై సంస్థలను ఒకే మెయిల్లో చేర్చి అడిగితే ఒక్కరూ జవాబివ్వరు.

మెయిల్ మొత్తం తెర మీద ఒక్క పేజీ దాటకూడదు. వివరమైన కథనం, బడ్జెట్టు, గత సినిమాల జాబితా విడిగా జత చేయండి. మూడు వారాలైనా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. ఈలోగా దుకాణం అనుమతి వచ్చి ఉంటే ఆ సంగతీ అందులోనే రాయండి. దానికీ స్పందన లేకపోతే ఆ సంస్థను వదిలేసి తర్వాతిదానికి రాయండి.